27 అంగుళాల తెర మీద కథ, కధ

మానిటర్ కొనడానికి వెళ్లినప్పుడు మనం మొదట అడిగేది ఎన్ని అంగుళాలని, ఆ వెంటనే ధర ఎంతని. రిజల్యూషన్ సంగతి పెట్టె మీద ముద్రించిన ఫుల్ హెచ్‌డీ, క్యూహెచ్‌డీ, 4కే మాటలకే వదిలేస్తాం. తక్కువ ధరలో పెద్ద తెర దొరికిందని తెచ్చుకున్నవాళ్లకు అక్షరాల అంచులు గరుగ్గా కనిపిస్తాయి. ఖర్చుకు వెనకాడకుండా 4కే తెచ్చుకున్నవాళ్లకేమో అక్షరాలు మరీ చిన్నవైపోతాయి. అంగుళాలనూ పిక్సెల్స్‌నూ కలిపి చూడకపోవడం వల్లే ఈ రెండు ఇబ్బందులూ. రాతకోతల పనికి, అందులోనూ తెలుగు పనికి, ఈ లెక్క తెలియడం చాలా అవసరం.

ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యే కొలతల్లో ఒకటైన 27 అంగుళాల తెరనే తీసుకుందాం. 27 అనేది మూల నుంచి మూలకు కొలత. అలాంటి తెర అడ్డంగా దాదాపు 60 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ 60 సెంటీమీటర్లలో ఫుల్ హెచ్‌డీ అయితే 1920 చుక్కలు పరుస్తారు. క్యూహెచ్‌డీ అయితే 2560, 4కే అని మనం పిలిచే అల్ట్రా హెచ్‌డీ అయితే 3840. అంటే సెంటీమీటరుకు వరసగా 32, 43, 64 చుక్కలు. మానిటర్లు తయారుచేసేవాళ్లు దీన్నే అంగుళానికి లెక్కగట్టి పీపీఐ అంటారు. ఆ లెక్కలో ఇవి 82, 109, 163. తెర స్పష్టత ఎంతో చెప్పేది ఈ పీపీఐయే. లాప్‌టాప్‌లో చక్కగా కనిపించిన ఫుల్ హెచ్‌డీ పెద్ద మానిటర్‌లో ఎందుకు తేలిపోతుందో కూడా ఇదే చెబుతుంది. 15.6 అంగుళాల లాప్‌టాప్‌లో అవే 1920 చుక్కలు ఇరుకుగా సర్దుకుని 141 పీపీఐ ఇస్తాయి. 27 అంగుళాల తెర మీద అవే చుక్కలు పలచబడి 82కు దిగిపోతాయి.

ఎంత పీపీఐ ఉంటే సరిపోతుందన్నది మన కన్ను, మనం కూర్చునే దూరం కలిసి తేలుస్తాయి. డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా రెండు చుక్కలను విడివిడిగా గుర్తించగలగడాన్ని మామూలు చూపు అంటారు. బల్ల ముందు కూర్చున్నప్పుడు కంటికీ తెరకూ మధ్య 60 సెంటీమీటర్లు ఉంటాయనుకుంటే, ఆ దూరంలో ఆ కోణం మిల్లీమీటరులో ఆరో వంతుకు కాస్త ఎక్కువ, 0.17. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో ఒక్కో పిక్సెల్ 0.31 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి కంటికి దొరికిపోతుంది. అది కనబడకుండా పోవాలంటే మీటరుకు పైగా వెనక్కి జరగాలి. క్యూహెచ్‌డీ అయితే 80 సెంటీమీటర్ల దూరం చాలు. అల్ట్రా హెచ్‌డీలో 54 సెంటీమీటర్లకే పిక్సెల్ మాయమవుతుంది, అంటే మామూలుగా కూర్చునే చోటు నుంచే. హాల్లో 55 అంగుళాల 4కే టీవీ పీపీఐ 80 మాత్రమే అయినా బొమ్మ నున్నగా కనిపించడానికి కారణం మనం సోఫాలో అంత దూరాన కూర్చోవడమే.

ఈ తేడా ఎక్కడ కళ్లకు కడుతుందో చూడాలంటే ఒక తెలుగు అక్షరాన్ని దగ్గరగా చూడాలి. విండోస్‌లో 11 పాయింట్ల అక్షరాన్ని స్కేలింగ్ ఏమీ లేకుండా చూపిస్తే దాని మొత్తం ఎత్తుకు సుమారు 15 పిక్సెళ్ల వరసలు దక్కుతాయి. పైన గుడికీ కింద వత్తుకూ చోటు వదలాలి కాబట్టి అసలు అక్షరానికి మిగిలేది అందులో సగం, ఏడెనిమిది వరసలు. ఇంగ్లిష్ అక్షరాలకు అది చాలు. మనకు ఆ ఏడెనిమిది వరసల్లోనే ద, ధ, థ మూడూ వేరువేరుగా కనబడాలి. ద కింద చిన్న గీత పెడితే ధ, దాని పొట్టలో చుక్క పెడితే థ. ఆ చుక్కకు దక్కేది ఒక పిక్సెల్, మహా అయితే రెండు. పైగా అంచులు మెట్లుమెట్లుగా కనబడకుండా కంప్యూటర్ వాటికి బూడిదరంగు పూస్తుంది. ఆ పూతలో చుక్క సగం కరిగిపోతుంది. కథ అని రాయాల్సిన చోట కధ అని పడ్డా తెర మీద ప్రూఫులు దిద్దేవాళ్లు దాటి వెళ్లిపోవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం. వ్యథ, వ్యధల సంగతీ అంతే. రాష్ట్రం అన్న మాటలో ష కింద ట వత్తు, దానికి ర వత్తు ఒకదాని మీద ఒకటి పడి ముద్దగా కనిపిస్తే ఆ తప్పు ఫాంటుది కాదు, చుక్కలు చాలకపోవడమే.

సరే, చుక్కలు ఎక్కువున్న తెర కొన్నామనుకుందాం. కంప్యూటర్ అక్షరానికి కేటాయించేది మిల్లీమీటర్లు కాదు, పిక్సెల్స్. అవే 15 వరసలు 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో 4.6 మిల్లీమీటర్ల ఎత్తు వస్తాయి, క్యూహెచ్‌డీలో 3.4, అల్ట్రా హెచ్‌డీలో 2.3. ఆఖరిది చదవాలంటే తెర మీదికి వంగాల్సిందే. ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి రిజల్యూషన్‌ను తగ్గించేస్తారు. అక్షరాలు పెద్దవవుతాయి, నిజమే. కానీ 2560 చుక్కలకు గీసిన బొమ్మను 3840 చుక్కల మీదికి సాగదీయాలి కాబట్టి ఒక చుక్క ఒకటిన్నర చుక్క కావాలి. సగం చుక్కను ఏ తెరా చూపించలేదు, అందుకే పక్కచుక్కలకు పులిమేస్తుంది. డబ్బు పోసి కొన్న స్పష్టత అంతా ఆ ఒక్క మార్పుతో పోతుంది.

చేయాల్సింది రిజల్యూషన్‌ను ముట్టుకోకుండా స్కేల్‌ను పెంచడం. విండోస్‌లో Settings > System > Display లో రెండూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. Display resolution దగ్గర (Recommended) అని ఉన్నదాన్నే ఉంచి, Scale ను 150% చేయాలి. అప్పుడు మన 11 పాయింట్ల అక్షరానికి 15 బదులు 22 వరసలు దక్కుతాయి. ఎత్తు మళ్లీ 3.4 మిల్లీమీటర్లే, క్యూహెచ్‌డీ తెర మీద ఉన్నంతే. తెర మీద పట్టే సరుకూ అంతే, ఎక్సెల్‌లో అన్నే గడులు కనిపిస్తాయి. కానీ అదే అక్షరాన్ని రెండింతలకు పైగా చుక్కలతో గీస్తున్నాం. థ పొట్టలో చుక్క చుక్కలాగే నిలుస్తుంది, ట వత్తు విడిగా తెలుస్తుంది. 150 అనేది సగాల్లో ఉంది కదా, ఇదీ పులిమేయదా అన్న అనుమానం రావచ్చు. పులిమేయదు. రిజల్యూషన్ తగ్గించినప్పుడు అయిపోయిన బొమ్మను సాగదీస్తారు. స్కేలింగ్‌లో ఫాంటు గీతలనే ఆ పెద్ద కొలతకు కొత్తగా గీస్తారు.

అయితే సాఫ్ట్‌వేర్ అందుకు సహకరించాలి. ఈ స్కేలింగ్ సంగతి తెలియని కాలంలో తయారైన ప్రోగ్రాములు తాము ఇంకా పాత తెర మీదే ఉన్నామనుకుని చిన్న బొమ్మే గీస్తాయి. విండోస్ దాన్ని తీసుకుని సాగదీస్తుంది. మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజీలు పెడుతున్న పాత పేజ్‌మేకర్ ఆ కాలానిదే. అందుకే కొత్త 4కే మానిటర్ పెట్టాక బ్రౌజర్‌లో తెలుగు అద్దంలా ఉండి, పేజ్‌మేకర్‌లో మాత్రం మసకబారితే మానిటర్‌ను తిట్టుకోనక్కర్లేదు. ప్రోగ్రాము ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి Properties, అందులో Compatibility, అక్కడ Change high DPI settings తెరవాలి. Override high DPI scaling behavior కు టిక్ పెట్టి, కింద System (Enhanced) ఎంచుకుని ప్రోగ్రామును మళ్లీ తెరిచి చూడాలి. కొన్నిటికి దీంతో అక్షరాలు తేటపడతాయి, కొన్నిటిలో మెనూలు వంకరపోతాయి. అలా జరిగితే Application అని ఎంచుకోవచ్చు. అప్పుడు అంతా చిన్నగా ఉంటుంది గానీ మసక మాత్రం ఉండదు. రోజంతా అలాంటి ప్రోగ్రాములోనే పనిచేసేవాళ్లకు నేను అల్ట్రా హెచ్‌డీ చెప్పను. స్కేలింగ్ అవసరం లేని 27 అంగుళాల క్యూహెచ్‌డీయే వాళ్లకు సుఖం.

మ్యాక్ వాడేవాళ్లకు లెక్క వేరు. అది ఏది గీసినా సరిగ్గా రెండింతలు గీయడానికే ఇష్టపడుతుంది. 27 అంగుళాల 4కే మీద 2560 × 1440 కొలతకు అమర్చుకుంటే లోపల 5120 × 2880 బొమ్మ గీసి, దాన్ని తెరకు సరిపడా కుదిస్తుంది. కాస్త మెత్తబడుతుంది గానీ చదవడానికి బాగానే ఉంటుంది. ఆపిల్ 2014లో 27 అంగుళాల ఐమ్యాక్‌కు సరిగ్గా 5120 × 2880 తెర పెట్టింది. అలాంటి తెరకు కుదించే పనే ఉండదు. క్యూహెచ్‌డీ మానిటర్‌ను మాత్రం మ్యాక్‌కు తగిలించమని చెప్పలేను. అక్షరాల అంచులను నున్నచేసే పాత పద్ధతిని ఆపిల్ 2018లో మొజావేతో పక్కన పెట్టేసింది, ఆ తర్వాత 109 పీపీఐ మీద తెలుగు వెలిసిపోయినట్టు ఉంటుంది.

మిగతా కొలతల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 32 అంగుళాల క్యూహెచ్‌డీ రెండూ దాదాపు ఒకే పీపీఐ, 92. రెండోదానిలో చోటు ఎక్కువ, స్పష్టత అంతే. 32 అంగుళాల అల్ట్రా హెచ్‌డీ 138 పీపీఐ ఇస్తుంది, 125% దగ్గర హాయిగా చదవొచ్చు. వయసు నలభై దాటితే 150% పెట్టుకోవచ్చు. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీని మాత్రం చదవడానికీ రాయడానికీ కొనొద్దనే చెబుతాను. అదే డబ్బుకు 24 అంగుళాలది తీసుకుంటే కంటికి మేలు. ఆటలే ప్రధానమైతే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అల్ట్రా హెచ్‌డీలో గ్రాఫిక్స్ కార్డు ప్రతి ఫ్రేముకూ 83 లక్షల చుక్కలు నింపాలి, క్యూహెచ్‌డీలో 37 లక్షలు. మధ్యరకం కార్డు ఉన్నవాళ్లు క్యూహెచ్‌డీ దగ్గర ఆగిపోవడం అందుకే.

షాపులోనే తేల్చుకోవాలంటే నోట్‌ప్యాడ్ తెరిచి 11 సైజులో కద, కధ, కథ, రాష్ట్రం అని టైప్ చేయించి, ఇంట్లో కూర్చునేంత దూరం నుంచి చూడండి. ఇంటికి తెచ్చాక ఒకసారి Advanced display లో రిఫ్రెష్ రేట్ కూడా చూసుకోండి. అల్ట్రా హెచ్‌డీకి పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు సెకనుకు 30 ఫ్రేములే పంపగలదు, చవకరకం యూఎస్‌బీ హబ్‌లు చాలావాటి సంగతీ అంతే. అక్షరాలు బాగానే ఉన్నా మౌస్ బాణం ఈడ్చుకుంటూ నడుస్తుంటే అక్కడ 30 అని ఉందేమో చూడాలి. హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ రెండు వైపులా ఉంటే, కేబులూ దానికి తగ్గదైతే, 60 వస్తుంది.