కార్టులో ఆగిన చీర

మంగళగిరి నేత చీరలను సొంత వెబ్‌సైట్‌లో అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉందనుకుందాం. ఒకావిడ 1,850 రూపాయల చీర నచ్చి కార్టులో వేసుకున్నారు, కానీ డబ్బు కట్టకుండా బయటికి వచ్చేశారు. సాయంత్రం ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే అదే చీర ప్రకటనగా ఎదురైంది. దీన్నే రీటార్గెటింగ్ అంటారు.

వెనక జరిగేది ఇది. దుకాణం వెబ్‌సైట్‌లో పిక్సెల్ అనే చిన్న కోడ్ ఉంటుంది. కార్టు బటన్ నొక్కగానే అది ప్రకటనల కంపెనీకి AddToCart అనీ, డబ్బు కట్టగానే Purchase అనీ కబురు పంపుతుంది. గత ఏడు రోజుల్లో మొదటి కబురు వచ్చి, రెండోది రాని వాళ్లకే ప్రకటన చూపించమని దుకాణదారు చెప్పవచ్చు.

ఎవరికి చూపించాలో యంత్రం తేలుస్తుంది. ఏం చెప్పాలన్నది మనిషి రాయాల్సిందే. చాలామంది ఇక్కడే ‘మీ కార్టులో ఏదో మరిచిపోయారు!’ అని రాసేస్తారు. ఆవిడ మరిచిపోలేదు, ఏదో సందేహం వచ్చి ఆగారు. ఆన్‌లైన్ కొనుగోళ్లను ఏళ్లుగా పరిశీలిస్తున్న బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ లెక్కల్లో సగటున 70 శాతం కార్టులు కొనుగోలు దాకా వెళ్లవు. ఊరికే చూసిపోయేవాళ్లను పక్కన పెడితే, ఆగిపోవడానికి ఎక్కువమంది చెప్పే కారణం చివర్లో కలిసే డెలివరీ వంటి అదనపు ఖర్చులు.

మన దుకాణంలో కారణమేమిటో ప్రకటన రాయకముందే కనుక్కోవచ్చు. చిరునామా ఇచ్చి, డెలివరీ చార్జీ కనబడగానే వెళ్లిపోతుంటే అడ్డు ఆ చార్జీయే. అప్పుడు మార్చాల్సింది ప్రకటనను కాదు, ధర చూపించే తీరును. అంతకుముందే ఆగిపోతుంటే వాట్సాప్‌లో వచ్చిన ప్రశ్నలు చదవాలి. చీరల విషయంలో ‘ఫొటోలో ఉన్న రంగే వస్తుందా?’, ‘జాకెట్టు ముక్క ఉందా?’ అన్నవే పదేపదే కనిపిస్తాయనుకుందాం. వాటికి జవాబే స్క్రిప్టు. ఇరవై సెకన్ల నిలువు వీడియోకు ఇలా రాయవచ్చు:

0–4 సెకన్లు: కిటికీ వెలుగులో చీర మడత విప్పుతున్న చేతులు. తెర మీద: ‘ఫొటోలో ఉన్న రంగే వస్తుందా?’

4–11: అదే చీర ఎండలో, తర్వాత ట్యూబ్‌లైటు కింద. గొంతు: ‘ఇది ఎండలో. ఇది రాత్రి ఇంట్లో. తేడా ఇంతే.’

11–16: పమిట, నిజాం అంచు, చివర జాకెట్టు ముక్క. గొంతు: ‘జాకెట్టు ముక్క చీరతోనే వస్తుంది. నచ్చకపోతే ఏడు రోజుల్లో వెనక్కి పంపండి.’

16–20: చీర, ధర. తెర మీద: ‘1,850 రూపాయలు. డెలివరీ చార్జీ ఇందులోనే.’ కింద ‘ఆర్డర్ చేయండి’ బటన్.

శబ్దం ఆపేసి చూసేవాళ్లూ ఉంటారు కాబట్టి గొంతు చెప్పే ప్రతి మాటా అక్షరాల్లోనూ కనిపించాలి. ‘నిన్న మీరు చూసిన చీర’ అన్న మాట ఎక్కడా లేదు. వెంటపడి చూస్తున్నారనిపిస్తే కొనాలనుకున్నవాళ్లూ బెదురుతారు. తగ్గింపు కూడా లేదు. కార్టులో వదిలేస్తే మర్నాడు ధర తగ్గుతుందని ఒకసారి తెలిస్తే, వచ్చేసారి కావాలనే వదిలేస్తారు. గిడ్డంగిలో చీరలు బోలెడు ఉండగా ‘రెండే మిగిలాయి’ అంటే కుదరదు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు ఇలాంటి దొంగ తొందరను నిషేధించాయి.

తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఆవిడ చివరికి ఆ చీరను వాట్సాప్‌లో ఆర్డరిచ్చి కొన్నారు. వెబ్‌సైట్‌లో డబ్బు కట్టలేదు కాబట్టి Purchase కబురు వెళ్లలేదు. కొన్న చీరే వారం పాటు కంటి ముందు తిరుగుతుంది. ‘కొన్నానుగా, ఇంకా ఎందుకు చూపిస్తున్నారు?’ అని కామెంట్లు వస్తుంటే జబ్బు ఇదే. ఫోన్లో, వాట్సాప్‌లో కొన్నవాళ్ల జాబితాను, వాళ్ల అనుమతితో, మినహాయింపుల్లో రోజూ చేర్చడమే మందు.

ప్రకటన పనిచేసిందో లేదో తేల్చేటప్పుడు ప్యానెల్‌లో కనిపించే అంకెను యథాతథంగా నమ్మకూడదు. కార్టులో ఆపినవాళ్లు 4,000 మంది అనుకోండి. చీటీ తీసినట్టు 1,000 మందిని విడదీసి, వాళ్లకు ప్రకటన చూపించకుండా ఉంచాలి. వాళ్లలో 60 మంది తమంతట తామే కొన్నారు. ప్రకటన చూసిన 3,000 మందిలో 240 మంది కొన్నారు. ప్యానెల్ ఆ 240నీ తన ఖాతాలోనే వేసుకుంటుంది. కానీ వెయ్యికి 60 చొప్పున 180 మంది ఎలాగూ కొనేవాళ్లే. ప్రకటన తెచ్చింది 60 అమ్మకాలు. ఖర్చును 240తో కాక ఈ 60తో భాగించి, వచ్చిన అంకె చీర మీద మిగిలే లాభంకంటే తక్కువుంటేనే ప్రకటన కొనసాగించాలి.