పేరు చివర్లో

అపార్ట్‌మెంట్ ఉగాది సంబరాలకు కార్యక్రమం వేసేటప్పుడు ఏ ఐటెమ్‌కు ఎన్ని నిమిషాలో కమిటీవాళ్లు లెక్కగడతారు. రెండు ఐటెమ్‌ల మధ్య ఖాళీ మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. 15 ఐటెమ్‌లుంటే 14 ఖాళీలు. ఒక్కోచోట వ్యాఖ్యాత రెండేసి నిమిషాలు మాట్లాడితే దాదాపు అరగంట ఆయనగారి మాటలకే సరిపోతుంది. అరనిమిషంతో సరిపెట్టుకుంటే మొత్తం 7 నిమిషాలు. మిగిలిన ఆ 20 నిమిషాలే చివర్లో పెట్టిన బుర్రకథకు ప్రాణం. లేకపోతే తంబురా భుజానికి తగిలించుకుని సిద్ధంగా ఉన్న కథకుడి దగ్గరికి వెళ్లి, ‘కొంచెం కుదించండి గురువుగారూ’ అని బతిమాలుకోవాలి.

అయితే అరనిమిషంలో ఏం చెప్పాలి? ఒక వరస తీసుకుందాం. పదిమంది పిల్లల సినిమా పాట డాన్సు అయిపోయింది. తర్వాత ఒక అమ్మాయి కూచిపూడి తరంగం, ఆ తర్వాత బుర్రకథ. పిల్లలు దిగుతుంటే మామూలుగా మైకులో వినిపించేది ఇది: ‘చాలా అద్భుతంగా చేశారు కదండీ! ఇంకోసారి గట్టిగా చప్పట్లు! ఇప్పుడు తదుపరి అంశంగా కూచిపూడి నృత్యం. చేస్తున్నవారు కుమారి ఫలానా. ఈమె ఐదో ఏట నుంచే నృత్యం నేర్చుకుంటూ, ఎన్నో ప్రదర్శనలిచ్చి, ఎన్నో బహుమతులు…’ పేరు వినగానే అమ్మాయి తాలూకువాళ్లు చప్పట్లు కొట్టేశారు. ఆ హోరులో బహుమతుల జాబితా ఎవరికీ వినపడలేదు. హోరు తగ్గాక కూడా వ్యాఖ్యాత చదువుతూనే ఉన్నాడు. వెనక అమ్మాయి అరమండిలో కూర్చుని, ముఖాన నవ్వు అంటించుకుని, పాట ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తోంది. సభలో ఫోన్ల వెలుగులు ఒక్కొక్కటే లేస్తున్నాయి. పరిచయం గాడి తప్పిందనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు.

అందుకే పేరు చివర్లో రావాలి. పేరు పలికిన క్షణమే చప్పట్లు మొదలవుతాయి. ఆ చప్పట్ల మీదే కళాకారిణి నడిచి రావాలి, వ్యాఖ్యాత మైకు వదిలి పక్కకు తప్పుకోవాలి. ఇది మనకు కొత్త కిటుకేమీ కాదు. భామాకలాపంలో సత్యభామ ఏకంగా సభ ముందుకు వచ్చి నిలబడదు. ముందు తెర పడుతుంది, తెర మీదుగా జడ కనిపిస్తుంది, ప్రేక్షకుడిలో ఎవరీమె అన్న ఆత్రుత పుడుతుంది. ఆ తర్వాతే ప్రవేశ దరువు, తానెవరో ఆమె నోటనే. ఆ జడ చేసే పనే వ్యాఖ్యాత మాట కూడా చేయాలి.

మన తరంగం అమ్మాయికి ఆ జడ ఇత్తడి పళ్లెమే. ఇలా రాసుకోవచ్చు:

‘ఇప్పటిదాకా ఇక్కడ ఇరవై చిన్న పాదాలు గంతులేశాయి. ఇక రెండే పాదాలు. కాసేపటికి అవీ నేల మీద ఉండవు. అటు మూలన పెడుతున్న ఇత్తడి పళ్లెం చూశారా? దాని అంచు మీద నిలబడి చిన్నికృష్ణుడి అల్లరి చెప్పబోతున్నారు ఈ అమ్మాయి. పళ్లెం కదిలేటప్పుడు కాళ్లతో పాటు ముఖం కూడా చూడండి. శ్రమ అక్కడ కనపడకూడదని వాళ్ల గురువుగారి పట్టు.’

ఆపైన గురువుగారి పేరు, చివరగా అమ్మాయి పేరు. అంతే.

ఇందులో బహుమతులు లేవు, ఐదో ఏడూ లేదు. ప్రేక్షకుడు ఏం చూడాలో ఒక్కటి చెప్పాం, కళాకారిణి గురించి ఒక్క నిజం చెప్పాం. ఆ నిజం బయోడేటాలో దొరకదు. రిహార్సల్ రోజున అడిగి తెలుసుకోవాలి: ‘ఈ ఐటెమ్‌లో నీకు కష్టమనిపించేది ఏమిటమ్మా?’ అదే అదనులో పేరు ఎలా పలకాలో, గురువుగారి పేరు పూర్తిగా ఏమిటో కూడా అడిగేయాలి. శాస్త్రీయ నృత్యంలో, సంగీతంలో గురువు పేరు మరిస్తే శిష్యురాలు ఏమీ అనదు గానీ, ముందు వరసలో కూర్చున్న ఆ గురువుగారి ముఖం సభంతా చూస్తుంది.

ఇంకో చిక్కుంది. పిల్లల డాన్సు నుంచి తరంగానికి మారాలంటే వేదిక మీద పని చాలా ఉంటుంది. తివాచీ ముడతలు పడితే పళ్లెం సాగదు కాబట్టి దాన్ని చుట్టేయాలి. నట్టువాంగానికి, గాత్రానికి, మృదంగానికి, వయొలిన్‌కు మైకులు సర్దాలి. ఇది అరనిమిషంలో తెమిలేది కాదు, ఒకటిన్నర, రెండు నిమిషాలూ పట్టొచ్చు. పొదుపు సూత్రం ఇక్కడ చెల్లదు. ఖాళీ వేదిక ముందు మౌనంగా నిలబడటం కంటే మాట్లాడటమే నయం. కాబట్టి ఇలాంటి చోటికి రెండు మూడు విడి వాక్యాలు దగ్గర ఉంచుకోవాలి, అవసరమైతే వాడేవి, లేకపోతే మింగేసేవి. తరంగాలు నారాయణ తీర్థుల శ్రీకృష్ణలీలా తరంగిణిలోవని చెప్పడం అలాంటి వాక్యమే. మృదంగం ఇంకా శ్రుతి చూసుకుంటుంటే అది చెప్పాలి. నట్టువనారు తాళాలు చేతికి తీసుకుని ఇటు చూశారంటే, వాక్యం మధ్యలో ఉన్నా సరే ముగించి పేరు పలికేయాలి. ఈ విడి వాక్యాలు పేరుకు ముందే రావాలి. పేరు చెప్పేశాక ‘ఇంకో మాట’ అన్నామంటే కట్టిందంతా కూలిపోతుంది.

బుర్రకథ దగ్గర ప్రలోభం ఎక్కువ. చెప్పడానికి బోలెడంత ఉంది మరి: ప్రజానాట్యమండలి, షేక్ నాజర్, పల్నాటి యుద్ధం, 1986లో ఆయనకు వచ్చిన పద్మశ్రీ. ఇవన్నీ వ్యాసానికి బాగుంటాయి, పరిచయంలో మాత్రం కథకుడి సమయాన్ని తినేస్తాయి. అంతకంటే పెద్ద పొరపాటు కథ చెప్పేయడం. ‘చివరికి బాలచంద్రుడు వీరమరణం పొందే ఈ గాథను…’ అని వ్యాఖ్యాతే ముగించేస్తే, వంతలు అడిగే ప్రశ్నలకు పస ఏం మిగులుతుంది? బుర్రకథ ఎప్పుడూ చూడని పిల్లలు సభలో ఉంటారు కనుక వాళ్లకు కావలసింది చెప్పాలి: మధ్యలో తంబురాతో నిలబడేవారు కథ చెబుతారు, గుమ్మెటలు పట్టుకున్న ఇద్దరిలో ఒకరు నవ్విస్తారు, ఇంకొకరు రాజకీయం మాట్లాడతారు, నవ్వు వచ్చినచోట ఎవరినీ అడగకుండా నవ్వొచ్చు. ఎవరు రాజకీయమో, ఎవరు హాస్యమో చెప్పకుండా వదిలేయాలి. పిల్లలు వాళ్లే కనిపెడతారు.

మర్యాదల్లో కూడా కళ్లు తెరుచుకుని ఉండాలి. ముగ్గురిలో ప్రధాన కథకుడికే ‘గారు’ తగిలించి వంతలను ఉత్త పేర్లతో పిలిస్తే తప్పు పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా. పదిమంది పిల్లల పేర్లు మాత్రం ముందు చదవకూడదు. ముఖాలు తెలియని పేర్లు ఎవరికీ గుర్తుండవు. డాన్సు అయ్యాక వరసగా నిలబడినప్పుడు, ఒక్కొక్కరూ ఒక్కో అడుగు ముందుకు వేస్తుండగా చదివితే తల్లిదండ్రులకు ఫొటో కూడా దక్కుతుంది.

ఇంత రాసుకున్నాక ఎనిమిదిన్నరకు కమిటీ కార్యదర్శి వచ్చి, మృదంగం ఆయన ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు, తరంగం వెనక్కి, బుర్రకథ ముందుకు అంటారు. ప్రతి సంబరంలోనూ ఏదో ఒకటి ఇలా తారుమారవుతుంది. అందుకే ఒక్కో పరిచయం ఒక్కో అట్టముక్క మీద ఉండాలి, ముందు ఐటెమ్ ఊసెత్తే మొదటి వాక్యం మాత్రం ఖాళీగా వదలాలి. ఆ వాక్యాన్ని వేదిక పక్కన నిలబడి, జరుగుతున్నది చూస్తూ రాసుకోవాలి. పిల్లల డాన్సులో ఒకడి తలపాగా ఊడి పడిపోయి, వాడు ఆపకుండా ఆడాడనుకోండి, బుర్రకథకు అంతకంటే మంచి మొదటి వాక్యం దొరకదు: ‘ఇందాక ఒక తలపాగా ఊడింది. ఇప్పుడు మూడు తలపాగాలు వస్తున్నాయి, ఇవి గట్టిగా చుట్టినవి.’