వారం ఎంక్వైరీలకు ఒక పేజీ లెక్క

మంగళగిరి చీరలు అమ్మే చిన్న దుకాణానికి ఎంక్వైరీలు నాలుగు దారుల్లో వస్తాయి: వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వెబ్‌సైట్‌లోని ఫారం. వాటి వారపు లెక్కకు కంప్యూటర్ తెలిసిన మనిషి అక్కర్లేదు, గీతల నోటుపుస్తకం చాలు. ఒక్కొక్కరికి ఒక్కో వరుస: తేదీ, ఎక్కడి నుంచి అడిగారు, ఏమడిగారు, జవాబు ఎప్పుడిచ్చారు, చివరికి ఏమైంది.

మెసేజ్‌లు లెక్కపెడితే అంకె ఉబ్బుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ధర అడిగిన ఆవిడే సాయంత్రం వాట్సాప్‌లో ఫొటో పంపి రంగులు అడుగుతుంది. పేరునూ, అడిగిన చీరనూ పోల్చి చూసి ఇద్దర్నీ ఒకే వరుసలో కలపాలి. ఒక వారం 40 మెసేజ్‌లు వచ్చాయనుకుందాం. కలిపి చూస్తే 24 మంది తేలారు. అందులో 13 మంది మొదట అడిగింది ధరే, కొన్నది ఐదుగురు. రెండు రోజులు దాటాక జవాబు అందుకున్న ఆరుగురిలో ఒక్కరూ కొనలేదు. ఇంత చిన్న లెక్కతో ఆలస్యమే కారణమని తేల్చలేం. నాలుగు వారాలు ఇదే వరస కనిపిస్తే మాత్రం అనుమానించాల్సిందే. ధర సంగతికి అంత ఆగక్కర్లేదు. పోస్టులో ధర వేసి, మరుసటి వారం ఆ 13 ఎంతకు తగ్గిందో చూస్తే సరి. ‘ధర కోసం మెసేజ్ చేయండి’ అన్న అలవాటు దుకాణదారుకే పని పెంచుతుంది.

లెక్క తప్పేది ఎక్కువగా కంటపడని మెసేజ్‌ల వల్ల. కొత్తవారు పంపినవి ఇన్‌స్టాగ్రామ్‌లో తరచుగా ‘రిక్వెస్ట్స్’ అనే వేరే అరలో పడతాయి. ఫారం మెయిల్ ఒక్కోసారి స్పామ్‌లోకి పోతుంది. ఒక వారం ఫారం వరుసలు సున్నా అయితే, యజమాని తన ఫోన్ నుంచే ఫారం నింపి మెయిల్ చేరుతోందో లేదో చూసుకోవాలి.