పది రోజుల్లో కడితే రెండు శాతం

గుంటూరులో మిరపపొడి ఎగుమతి చేసే ఒక చిన్న సంస్థ ఉందనుకుందాం. మిరపలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉందో లేదో సొంతంగా పరీక్షించుకోవడానికి అమెరికా కంపెనీ నుంచి ఒక యంత్రం, దానికి కావలసిన కిట్లు విమానంలో తెప్పించుకుంటోంది. మెయిల్లో ఇన్‌వాయిస్ వచ్చింది. యజమాని కళ్లు ముందుగా అడుగునున్న మొత్తం మీదికే పోయాయి: 12,400 డాలర్లు. ఆ అంకె కన్నా ముందు చదవాల్సినవి రెండు పైనే ఉన్నాయి. ఒకటి తేదీ, 03/04/2026. రెండోది టర్మ్స్ అన్న గడిలో అచ్చయిన చిన్న ముక్క: `2/10, Net 30`.

ఆ ముక్కలో రెండు గడువులున్నాయి. ఇన్‌వాయిస్ తేదీ నుంచి 10 రోజుల లోపల డబ్బు కడితే 2 శాతం తగ్గింపు. ఆ పది రోజులూ దాటితే తగ్గింపు పోతుంది. మొత్తం సొమ్మును 30వ రోజులోగా చెల్లించాలి.

"సరుకే ఇంకా చేతికి రాలేదు, అప్పుడే గడువేంటమ్మా?" అని యజమాని అకౌంటెంటును అడుగుతారు. ఇది దాదాపు ప్రతి కొత్త దిగుమతిదారుకూ వచ్చే అనుమానమే.

"సరుకు దిగిన రోజుతో వాళ్లకు పనిలేదు సార్. బిల్లు మీద వేసిన తేదీ మర్నాడే ఒకటో రోజు."

ఆ తేదీలోనే అసలు చిక్కుంది. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. కాబట్టి 03/04/2026 అంటే మార్చి 4. మన అలవాటుగా చదివితే ఏప్రిల్ 3. కాగితాలన్నీ సరుకుతోపాటు తీరిగ్గా చూసి, ట్యాలీలో ఏప్రిల్ 3 అని ఎక్కించారనుకోండి. తగ్గింపు గడువు ఏప్రిల్ 13 దాకా, పూర్తి గడువు మే 3 దాకా ఉన్నట్టు కంప్యూటర్ చూపిస్తుంది. నిజానికి తగ్గింపు మార్చి 14తోనే పోయింది. పూర్తి గడువు ముగిసేది సరిగ్గా ఏప్రిల్ 3న. అప్పు మొదలైందని మనం అనుకున్న రోజే అక్కడ అప్పు తీరాల్సిన రోజు. ఎయిర్‌వే బిల్లు మీది తేదీతోనో, ఇన్‌వాయిస్ మెయిల్ వచ్చిన తేదీతోనో పోల్చి చూస్తే ఈ పొరపాటు వెంటనే బయటపడుతుంది. రెండిటికీ నెల తేడా ఉంటే తేదీని తిరగేసి చదివినట్టే.

ఇక తగ్గింపు ఎంతో చూద్దాం. బిల్లులో సరుకు విలువ 12,000 డాలర్లు, రవాణా, బీమా కలిపి 400. సాధారణంగా తగ్గింపు సరుకు మీదే ఇస్తారు, రవాణా ఖర్చు మీద ఇవ్వరు. అలాంటప్పుడు 240 డాలర్లు తగ్గి, కట్టాల్సింది 12,160 అవుతుంది. మొత్తం మీద లెక్కేసుకుని 248 కోసుకుంటే మిగతా 8 డాలర్ల కోసం ఉత్తరాలు నడుస్తాయి. బిల్లులో స్పష్టంగా లేకపోతే ముందే ఒక మెయిల్ పెట్టి అడగడం మంచిది.

రెండు శాతమేగా అని వదిలేసేవాళ్లు చాలామంది. కానీ ఆ రెండు శాతం ఎన్ని రోజులకో చూడాలి. పదో రోజు 12,160 కట్టకుండా ముప్పయ్యో రోజు 12,400 కడితే, ఆ 12,160 డాలర్లను మరో 20 రోజులు వాడుకున్నందుకు 240 డాలర్లు ఇచ్చినట్టు. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు 12 శాతానికి, అంటే రూపాయి వడ్డీకి దొరుకుతుంటే, సప్లయర్ దగ్గర మూడు రూపాయల వడ్డీకి అప్పు చేయడం ఎందుకు? డాలరు 90 రూపాయలనుకుంటే మిగిలే 240 డాలర్లు 21,600 రూపాయలు. సుమారు 10.94 లక్షలు ఓవర్‌డ్రాఫ్టులో తీసి 20 రోజుల ముందు కట్టినందుకు అయ్యే వడ్డీ 7,200 దాకా ఉంటుంది. అది పోగా 14,400 రూపాయలు మిగులుతాయి. ఓవర్‌డ్రాఫ్టు పరిమితి నిండిపోయి, బయట మూడు రూపాయలకో అంతకుమించో తేవాల్సి వస్తే మాత్రం తొందరపడి లాభం లేదు. ఈ 20 రోజుల్లో డాలరు రేటు కూడా కదలొచ్చు. అయితే ఓవర్‌డ్రాఫ్టు వడ్డీ మిగలడాన్ని లెక్కేసుకున్నా, ఆగడం వల్ల కలిసి రావాలంటే రూపాయి దాదాపు 1.3 శాతం బలపడాలి. దాని మీద పందెం కాయడం చిన్న వ్యాపారి పని కాదు.

కట్టాలని నిర్ణయించుకున్నాక కూడా తగ్గింపు చేజారే దారులున్నాయి. 2026 మార్చి 14 రెండో శనివారం, బ్యాంకులకు సెలవు. ఏప్రిల్ 3 గుడ్ ఫ్రైడే, ఆ రోజూ సెలవే. పైగా చాలా కంపెనీలు డబ్బు తమ ఖాతాలో పడిన రోజునే లెక్కలోకి తీసుకుంటాయి, మనం పంపిన రోజును కాదు. బ్యాంకు కాగితాలు పరిశీలించి, స్విఫ్ట్ ద్వారా పంపి, అది అక్కడికి చేరడానికి రెండు మూడు పనిదినాలు వదులుకోవాలి. అంటే ఈ బిల్లుకు మార్చి 10 కల్లా బ్యాంకులో దరఖాస్తు పడాలి.

దరఖాస్తులో బ్యాంకు చార్జీలు ఎవరివన్న గడి ఒకటుంటుంది. చార్జీలు చెరిసగం అని టిక్కు పెడితే మధ్యలో ఉన్న బ్యాంకు తన రుసుము మినహాయించుకోవచ్చు. అది 25 డాలర్లయితే సప్లయర్‌కు చేరేది 12,135. అక్కడి అకౌంట్స్ విభాగానికి ఇది తక్కువ చెల్లింపు. తగ్గింపు షరతు నెరవేరలేదని 240 కూడా తిరిగి అడిగే వీలుంది. చార్జీలన్నీ పంపేవారివే అని రాస్తే ఈ గొడవ ఉండదు.

మన వైపూ ఒక చిక్కుముడి ఉంది. కస్టమ్స్‌లో దాఖలయ్యే బిల్ ఆఫ్ ఎంట్రీలో విలువ 12,400, బ్యాంకు నుంచి వెళ్లింది 12,160. దిగుమతి చెల్లింపులను రిజర్వు బ్యాంకు వ్యవస్థలో సరిపోల్చేటప్పుడు ఆ 240 తేడాగా మిగిలిపోతుంది. బిల్లు విలువలో 5 శాతం దాకా ఉన్న తేడాను, కారణం నమ్మకంగా ఉంటే, బ్యాంకే ముగించడానికి రిజర్వు బ్యాంకు నిబంధనల్లో వీలుంది. అందుకే టర్మ్స్ కనిపించే ఇన్‌వాయిస్ ప్రతినీ, తగ్గింపు పోను ఖాతా తీరిపోయిందని సప్లయర్ పంపిన మెయిల్‌నూ బ్యాంకుకు ఇవ్వాలి. సరుకు దిగకముందే డబ్బు పంపితే బ్యాంకు దాన్ని అడ్వాన్సుగా చూస్తుంది. తర్వాత బిల్ ఆఫ్ ఎంట్రీ చూపించే బాధ్యత కొనుగోలుదారుదే.

గడువు దాటాక కట్టి, అయినా 2 శాతం కోసుకుందామన్న ఆలోచన కొందరికి వస్తుంది. అది చెల్లదు. చాలా ఇన్‌వాయిస్‌ల అడుగున చిన్న అక్షరాల్లో ఆలస్యానికి నెలకు 1.5 శాతం అదనపు రుసుము లాంటి షరతు ఉంటుంది. కిట్లలో కొన్ని పగిలివచ్చినా మొత్తం చెల్లింపు ఆపేయకూడదు. గడువులోపే ఫొటోలతో రాసి, పగిలిన వాటి విలువకు క్రెడిట్ నోటు అడిగి, మిగిలింది పంపాలి.

విమానంలో వచ్చే సరుకుకు ఈ లెక్కంతా నడుస్తుంది. అదే బరువైన యంత్రం అమెరికా నుంచి ఓడలో వస్తే, రేవుకు చేరేసరికే నెల దాటిపోవడం మామూలు. అప్పుడు ముప్పయ్యో రోజున కొనుగోలుదారు కంటితో చూడని సరుకుకు పూర్తి డబ్బు కడుతున్నాడు. పేరుకు అప్పే గానీ, సరుకు అమ్మి ఆ డబ్బుతో తీర్చే వెసులుబాటు అందులో లేదు. అలాంటి ఆర్డర్లకు గడువును ఇన్‌వాయిస్ తేదీ నుంచి కాకుండా బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ నుంచి 60 రోజులు అని అడగొచ్చు. లేదా సరుకు రేవులో దిగిన రోజు నుంచి 30 రోజులు అని అడగొచ్చు. రెండిట్లో ఏదైనా ధర మాట్లాడుకునేటప్పుడే తేల్చుకుని పర్చేజ్ ఆర్డర్లో రాయించాలి. ఇన్‌వాయిస్ చేతికొచ్చాక అడిగితే, ఒప్పుకోవాలో లేదో పూర్తిగా సప్లయర్ చేతిలో ఉంటుంది.