అమ్మోనియా అంకె పక్కనే పీహెచ్ చూడాలి

కొత్త అక్వేరియం పెట్టిన రెండో వారంలో చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ, మేత ముట్టకుండా ఉంటే ముందు అనుమానించాల్సింది అమ్మోనియానే. నీళ్లు తేటగా ఉన్నా అది ఉండొచ్చు. చేపల మొప్పల నుంచి, రెట్ట నుంచి, మిగిలిన మేత నుంచి అది పుడుతుంది. ఫిల్టరు స్పాంజిలో పెరిగే బాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బాక్టీరియా తగినంత పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా చేపలను కాపాడాల్సింది మనమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండడుగుల తొట్టి, 50 లీటర్ల బోరు నీళ్లు, రెండు గోల్డ్ ఫిష్‌లు. చుక్కల మందుతో చేసే టెస్ట్ కిట్‌లో పీహెచ్ 8, అమ్మోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములు, నైట్రేట్ 5 వచ్చాయి. కిట్ మీద పీపీఎం అని ఉన్నా లెక్క ఇదే.

ఇక్కడే అసలు సంగతి ఉంది. కిట్ చూపించేది మొత్తం అమ్మోనియాను. అందులో రెండు రూపాలుంటాయి. అమ్మోనియం చేపకు పెద్దగా హాని చేయదు. విడి అమ్మోనియా మాత్రం మొప్పలను కాల్చేస్తుంది. ఏది ఎంత ఉంటుందో ముఖ్యంగా పీహెచ్ నిర్ణయిస్తుంది, నీళ్ల వేడికి కూడా కొంత పాత్ర ఉంది. 28 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే విడి అమ్మోనియా నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే ఆరు వంతులు దాటుతుంది. అంటే మన తొట్టిలో అది 0.13 మిల్లీగ్రాములు. 0.05 దాటితేనే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. అదే 2 అంకె పీహెచ్ 7 దగ్గర వస్తే విడి అమ్మోనియా 0.014 మాత్రమే.

అలాగని పీహెచ్ దించడానికి నిమ్మరసమో వెనిగరో పోయకూడదు. బోరు నీళ్లలోని బైకార్బనేట్లు కాసేపటికే పీహెచ్‌ను మళ్లీ పైకి తెస్తాయి. ఆ ఎగుడుదిగుడు చేపకు ఇంకో దెబ్బ. చేయాల్సింది సగం నీళ్లు మార్చడం. అప్పుడు అమ్మోనియా 2 నుంచి 1కి వస్తుంది. మర్నాడు మళ్లీ కొలిచి, అవసరమైతే మళ్లీ మార్చాలి. మేత ఒకటి రెండు రోజులు ఆపాలి. ఎయిర్ పంపు ఆపకూడదు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు ముందే కలపాలి. స్పాంజిని కుళాయి కింద కడిగితే ఉన్న బాక్టీరియా కూడా పోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

కొలవడంలోనూ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. నైట్రేట్ పరీక్షలో రెండో సీసా మందు అడుగున పేరుకుంటుంది. దాన్ని అర నిమిషం గట్టిగా కుదపకపోతే అంకె తక్కువగా వస్తుంది. ఇక బోరు నుంచి అప్పుడే పట్టిన నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఉండి, పీహెచ్ తక్కువగా చూపిస్తుంది. బకెట్టులో ఒక రాత్రంతా గాలి కొట్టించి పొద్దున కొలిస్తే నిజమైన అంకె తెలుస్తుంది.

పాత తొట్టిలో కథ తిరగబడుతుంది. అమ్మోనియాను మార్చే క్రమంలో బాక్టీరియా బైకార్బనేట్లను వాడేస్తుంది. నెలల తరబడి నీళ్లు మార్చకపోతే పీహెచ్ 6కి జారి, నైట్రేట్ 80 దాటుతుంది. ఆమ్ల నీటిలో బాక్టీరియా కూడా మందగించి అమ్మోనియా 2 చూపించవచ్చు. అది దాదాపు మొత్తం అమ్మోనియం రూపంలోనే ఉంటుంది కాబట్టి చేపలు బతుకుతుంటాయి. అలాంటప్పుడు పీహెచ్ 8 ఉన్న నీళ్లు ఒకేసారి సగం పోస్తే, పీహెచ్ లేచి ఆ అమ్మోనియం విషంగా మారుతుంది. నీళ్లు మార్చిన రోజే చేపలు చనిపోవడానికి ఇదొక కారణం. ఇక్కడ రోజుకు పదో వంతు చొప్పున మార్చుతూ, ప్రతిసారీ పీహెచ్, అమ్మోనియా రెండూ కొలవాలి.

నైట్రేట్ 40 లోపు ఉంటే చాలా చేపలకు ఇబ్బంది లేదు. ఎక్కువైతే నీళ్లు మార్చడమే మందు. అయితే కొన్ని బోర్లలో నైట్రేట్ ముందే ఎక్కువగా ఉంటుంది. తాగునీటికి మన దేశంలో పెట్టిన హద్దు లీటరుకు 45. బోరు నీళ్లలోనే అంత ఉంటే, ఎన్నిసార్లు మార్చినా తొట్టిలో అంతకంటే తగ్గదు. అప్పుడు బోరు నీళ్లలో సగం ఆర్వో నీళ్లు కలపాలి. పూర్తిగా ఆర్వో నీళ్లే పోస్తే పీహెచ్‌ను నిలబెట్టే బైకార్బనేట్లు ఉండవు. అందుకే తొట్టిలో నీళ్లను కొలిచే ముందు, పోయబోయే నీళ్లను ఒకసారి కొలిచి ఆ మూడు అంకెలూ రాసిపెట్టుకోవాలి. ఎంత మార్చాలో, ఎంత నెమ్మదిగా మార్చాలో తేల్చేది ఆ రెండు నీళ్ల మధ్య తేడానే.