ముగింపు చెప్పకుండా రెండు నిమిషాల ట్రైలర్

సభలు, పోటీలు, వార్షికోత్సవాలు ఏవి జరిగినా వీడియో తీయించడం ఇప్పుడు మామూలైపోయింది. గంటా, గంటంపావు నిడివి గల ఆ వీడియో తయారయ్యాక, వచ్చి చూడమని అందరినీ పిలవడానికి ఫోన్లలో పంపే రెండు నిమిషాల ముక్క ఒకటి కావాలంటారు. సాధారణంగా ఆ ముక్కలో ఏముంటుంది? దీపాల వెలుగులో వేదిక, అతిథుల చేతుల మీదుగా కప్పు అందుకుంటున్న పిల్లలు, చప్పట్లు. అది చూసినవారికి ఇక చూడాల్సింది మిగలదు. విందుకు పిలిచి గుమ్మంలోనే చేతులు కడుక్కోమన్నట్లు ఉంటుంది.

ముగింపు దాచి ట్రైలర్ ఎలా కూర్చాలో మేము ఇటీవల పనిచేసిన ఒక వీడియోతోనే చెబుతాం. నాలుగు ఉన్నత పాఠశాలల విద్యార్థుల మధ్య జరిగిన క్విజ్ పోటీ అది. జట్లను నీలం, ఆకుపచ్చ, పసుపు, తెలుపు అని పిలిచారు. తుది పోటీ జరిగిన హాలులో పిల్లలు, వారి ఉపాధ్యాయులు, నిర్వాహకులు తప్ప ఎవరూ లేరు. పది రోజుల తర్వాత ఆదివారం ఒక ఫంక్షన్ హాలులో నాలుగు బడుల తల్లిదండ్రులకూ పెద్ద తెర మీద వీడియో చూపాలని ఏర్పాటు. గెలిచిందెవరో ముందే తెలిస్తే గెలిచిన బడివాళ్ళు వస్తారు, మిగతా మూడు బడులవాళ్ళు రారు. పిల్లల నోళ్ళు ఎవరు కట్టేయగలరు అంటారా? నిజమే. కానీ ఒక పిల్లవాడు చెప్పిన మాట ఒక ఇంటి వరకు పోతుంది. ట్రైలర్ ఊరంతా పోతుంది.

పూర్తి వీడియో 72 నిమిషాలు. మొదటి మూడు రౌండ్లలో నీలం జట్టు ముందుంది. 58వ నిమిషంలో తెలుపు జట్టు వచ్చి నీలంతో సమానమైంది. 61వ నిమిషంలో గెలుపు తేల్చే అదనపు ప్రశ్న, 64వ నిమిషంలో తెలుపు జట్టు గెలుపు, ఆ తర్వాత బహుమతులు, ప్రసంగాలు.

ముందు తేల్చుకోవాల్సింది ముగింపు ఎక్కడ మొదలవుతుందన్నది. 64వ నిమిషం అనుకుంటాం. కాదు. నీలం ఆధిక్యం పోగొట్టుకోవడమే చూసేవాళ్ళకు పెద్ద ఆశ్చర్యం. అది 58లో జరుగుతుంది, దాని సూచనలు నాలుగో రౌండు మొదటి ప్రశ్న నుంచే కనిపిస్తాయి. అందుకే మూడో రౌండు ముగిసిన 49వ నిమిషం దగ్గర గీత గీశాం. గీత తర్వాతి భాగం నుంచి ఒక్క షాటు కూడా తీసుకోకూడదు. ఈ నియమం మాట మీద నిలవదు, ఎడిటర్ కంటికి మంచి షాటు కనిపిస్తే చెయ్యి ఆగదు. కాబట్టి వీడియోను 49వ నిమిషం వరకే వేరే ఫైలుగా తీసి, ట్రైలర్ పనికి ఆ ఫైలునే ఇవ్వాలి. సినిమాకైనా లెక్క ఇంచుమించు ఇదే. కథలో మొదటి మూడింట రెండు వంతులతోనే ట్రైలర్ నిలబడకపోతే లోపం ట్రైలర్‌లో ఉండదు.

గీత గీసిన వెంటనే వచ్చే బాధ, మంచివన్నీ అవతలే ఉండిపోయాయని. అదనపు ప్రశ్న ఉన్న కవరును క్విజ్ మాస్టర్ నెమ్మదిగా చింపే షాటు మాకు ఎంతో నచ్చింది. అయితే ప్రతి రౌండులోనూ ప్రశ్నలు కవర్లలోనే వచ్చాయి. మూడో రౌండులో కవరు చింపిన షాటు అంతే బాగుంది, పైగా అందులో ఏ జట్టూ కనబడదు. కవరు, గడియారం, బజరు మీద వేళ్ళు, మంచినీళ్ళ గ్లాసు వంటి ఎవరికీ చెందని షాట్లు ట్రైలర్‌కు పెద్ద ఆస్తి. ఇవి చాలకపోతే మళ్ళీ హాలుకు వెళ్ళి తీసుకున్నా తప్పులేదు. 1960లో వచ్చిన 'సైకో' చిత్రానికి హిచ్‌కాక్ చేసినది ఇంకా పెద్ద సాహసం. ఆరు నిమిషాలకు పైగా సాగే ఆ ట్రైలర్‌లో ఆయనే స్వయంగా సినిమా సెట్టంతా తిరిగి చూపిస్తారు. చివర స్నానాల గది తెర లాగగానే కేక వేసే ముఖం, సినిమాలో ఆ సన్నివేశం చేసిన జానెట్ లీది కాదు. అదే చిత్రంలో మరో పాత్ర వేసిన వెరా మైల్స్‌ది. కల్పిత కథకు ఆ స్వేచ్ఛ ఉంది. నిజమైన పోటీకి అంత స్వేచ్ఛ లేదు. ఒక పిల్లవాడి తప్పు జవాబు పక్కన మరో ప్రశ్నకు నవ్విన పిల్ల ముఖం అతికిస్తే, ఆ పిల్ల అతన్ని వెక్కిరించినట్లు కనబడుతుంది. జరగనిది జరిగినట్లు చూపే కూర్పు ఎంత రక్తి కట్టినా మేము ఒప్పుకోం.

గీత అవతలే ఇంకో షాటు ఉంది. ఫలితం ప్రకటించాక నీలం జట్టు అమ్మాయి ఏడుస్తూ తల వంచుకుంటుంది. 'అది పెడితే అందరూ ఆగి చూస్తారు భాయ్' అన్నాడు ఎడిటింగ్ చేస్తున్న కుర్రాడు. అతని మాట అబద్ధం కాదు. కానీ ఆ షాటుతో నీలం ఓడిందని తెలిసిపోతుంది. అంతకంటే ముఖ్యం, పూర్తి వీడియోలో ఆ కన్నీళ్ళ తర్వాత తెలుపు జట్టు అమ్మాయి వచ్చి ఆమె చెయ్యి పట్టుకోవడం కూడా ఉంది. ట్రైలర్‌లో కన్నీళ్ళు మాత్రమే మిగులుతాయి, మర్నాడు ఆ అమ్మాయి బడికి వెళ్ళాలి.

ఇక కూర్పు. మొత్తం 120 సెకన్లలో చివరి 8 సెకన్లు తేదీ, సమయం, స్థలం రాసిన కార్డుకు పోతాయి. చూసేవాళ్ళు దాన్ని తొందర లేకుండా రెండుసార్లు చదవగలగాలి. మిగిలిన 112లో మొదటి 12 సెకన్లు ఖాళీ వేదిక, బజర్లు, ఒక ప్రశ్న చదువుతున్న గొంతు. తర్వాత 36 సెకన్లు నాలుగు జట్ల పరిచయం, జట్టుకు తొమ్మిదేసి సెకన్లు. ఆ తర్వాత 44 సెకన్లు పోటీ. ఇక్కడ షాట్లు మూడు సెకన్ల నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి తగ్గుతూ పోవాలి. చివరి 20 సెకన్లలో సంగీతం ఉన్నట్టుండి ఆగిపోతుంది. కవరు చిరుగుతుంది, ప్రశ్న సగం వినబడుతుంది, తెర నల్లబడుతుంది.

ఇక్కడ సగం ప్రశ్నే ట్రైలర్‌కు ప్రాణం. చూసేవాడికి చివర ఇవ్వాల్సింది ఒక ప్రశ్న, దానికి జవాబు పూర్తి వీడియోలో దొరకాలి. 2015లో 'బాహుబలి' మొదటి భాగం కట్టప్ప చేసిన హత్యతో ముగిసింది. ఎందుకు చంపాడన్నది దేశమంతా అడిగింది. 2017లో రెండో భాగం ట్రైలర్ యుద్ధాలు చూపింది, రాజమందిరాలు చూపింది, జవాబు మాత్రం చెప్పలేదు. మన క్విజ్‌కు అంత పెద్ద ప్రశ్న అక్కర్లేదు. ఎవరు గెలిచారన్నది చాలు.

పనిలో సంగీతం కంటే మాటలను ముందు పరచుకోవాలి. కళ్ళు మూసుకుని వింటే మాటలతోనే విషయం అర్థమయ్యేలా పేర్చి, దాని మీద బొమ్మలు, ఆ తర్వాతే సంగీతం. సంగీతాన్ని ముందు పెట్టుకుంటే తాళానికి తగ్గట్టు మాటలను నరుకుతాం. సినిమా పాట వాడితే యూట్యూబ్‌లో హక్కుల అభ్యంతరం వస్తుంది, ఒక్కోసారి వీడియోనే ఆపేస్తారు. కాబట్టి అనుమతి ఉన్న సంగీతమే మేలు.

కప్పు చూపించకపోయినా ముగింపు కారిపోతుంది. దాన్ని పట్టుకునే పద్ధతి చాలా సులువు. వీడియో గురించి ఏమీ తెలియని ఎనిమిది మందికి ట్రైలర్ చూపించి 'ఎవరు గెలిచారనుకుంటున్నారు?' అని అడగాలి. జట్లు నాలుగు కాబట్టి, గుడ్డిగా చెప్పినా ఇద్దరి జవాబు సరిపోవచ్చు. మా మొదటి కూర్పు చూసిన ఎనిమిది మందిలో ఐదుగురు తెలుపు అన్నారు. అసలు ఉపయోగం 'ఎందుకలా అనుకున్నారు?' అన్న రెండో ప్రశ్నలో ఉంది. ఒకాయన, 'చివర చూపించింది ఆ పిల్లనే కదా' అన్నారు. తెర మీద ఆఖరున కనబడిన ముఖాన్ని జనం విజేత ముఖంగానే చదువుతారు. ఇంకో ఆపా అన్న మాట మరీ సూక్ష్మం. 'వాళ్ళ సారు ముఖంలోనే తెలిసిపోతోంది బాబూ' అన్నారామె. ఆ ఉపాధ్యాయుడు పలికింది బడి పేరు, పిల్లలు చదివిన పద్ధతి మాత్రమే. కానీ ఆ ఇంటర్వ్యూ ఫలితం వచ్చాక తీసినది. పోటీ ముగిశాక తీసిన ఇంటర్వ్యూలో గొంతు, కూర్చున్న తీరు, 'అప్పుడు అనుకున్నాం' వంటి గడిచిన కాలపు మాట, అన్నీ సాక్ష్యం చెబుతాయి.

మరో కారణం ఎవరూ చెప్పలేదు, స్టాప్‌వాచ్ చెప్పింది. పరిచయం భాగం వదిలి మిగతా కూర్పులో తెలుపు జట్టు ముఖాలు 22 సెకన్లు, పసుపు జట్టువి 7 సెకన్లు కనిపించాయి. ఫలితం తెలిసినవాడు కూర్చే మొదటి కూర్పు ఎప్పుడూ ఇలాగే వస్తుంది, కన్ను తెలియకుండానే విజేత వైపు పోతుంది. అందుకని నాలుగు జట్లకూ సెకన్లు కొలిచి దాదాపు సమానం చేయాలి. చివరి ముఖంగా క్విజ్ మాస్టర్‌ను పెట్టాం. ఆ ఇంటర్వ్యూ తీసేసి, అదే ఉపాధ్యాయుడు పోటీకి ముందు పిల్లలకు ధైర్యం చెప్పిన మాటలు వేశాం.

స్కోరు బోర్డు సంగతి కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. నీలం ముందున్న బోర్డు గీతకు ఇవతలిదే, అబద్ధమూ కాదు. కానీ ట్రైలర్లు చూసి చూసి ఆరితేరిన జనం, ముందున్నట్లు చూపించారంటే చివర ఓడతారని వెంటనే కనిపెడతారు. అంకెలు కనబడే షాట్లన్నీ తీసేశాం.

రెండోసారి చూపడానికి కొత్తగా ఎనిమిది మందిని వెతకాలి, ఒకసారి చూసినవాళ్ళు పనికిరారు. ఈసారి నీలం అన్నవారు ముగ్గురు, తెలుపు ఇద్దరు, ఆకుపచ్చ ఇద్దరు, పసుపు ఒకరు. ఏడుగురు పూర్తి వీడియో ఎప్పుడు చూపిస్తారని అడిగారు. ఇంతకంటే చదును చేయాలని చూడనక్కర్లేదు. అన్ని గుర్తులూ చెరిపేస్తే ఎవరి మీదా ఆసక్తి లేని చప్పిడి ముక్క మిగులుతుంది.

పంపేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఫైలు పేరులో 'తెలుపు విన్నర్ ఫైనల్' అని రాసి ఉంటే అది వీడియోతోపాటే పోవచ్చు. యూట్యూబ్ తనంతట తాను చూపే ముఖచిత్రాలను నమ్ముకోకుండా కవరు చింపే షాటునే ముఖచిత్రంగా పెట్టాలి. పూర్తి వీడియోను ముందుగానే ఎక్కించి ఉంటే, ఆదివారం ప్రదర్శన ముగిసేదాకా దాన్ని Private లోనే ఉంచాలి.