లెక్క ఎవరు చెప్పాలి, టైమ్ ఎవరు చూడాలి

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది. 180 గంటల పని. ఊళ్లో ఒక సమస్యను పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి, సర్వే చేయాలి, రిపోర్టు రాయాలి. చివర్లో లెక్చరర్ల ముందు చెప్పాల్సి వచ్చేసరికి చాలా జట్లలో ఒకటే తంతు. ఇంగ్లీషు ధారాళంగా వచ్చిన ఒక్కరే మొదటి నుంచి చివరిదాకా మాట్లాడతారు, మిగతావాళ్లు పక్కన చేతులు కట్టుకుని నిలబడతారు. ప్రశ్న పడగానే మాట్లాడినవాడు తడుముకుంటాడు, తెలిసినవాళ్లు నోరు విప్పరు.

నలుగురున్న ఒక జట్టును ఊహించుకుందాం. తాగునీటి మీద 60 ఇళ్లలో సర్వే చేశారు. 42 ఇళ్లవాళ్లు నీళ్ల క్యాన్లు కొంటున్నారు, 18 ఇళ్లవాళ్లు కుళాయి నీళ్లే తాగుతున్నారు. చెప్పడానికి ఇచ్చిన సమయం పది నిమిషాలు. జట్టులో ఒకడు మాటకారి. ఒకమ్మాయి తెలుగు మీడియంలో చదివింది, మెల్లగా మాట్లాడుతుంది, ఇళ్లు తిరిగి లెక్క వేసింది ఎక్కువగా ఆమే. ఇంకొకమ్మాయి ఎవరేం చెప్పినా చివరిదాకా వింటుంది. నాలుగో అబ్బాయి చదువులో వెనకే గానీ ఎవరికీ మొహమాటపడడు.

పేరు చూసి పని అప్పగిస్తే మాటకారికే అన్నీ పోతాయి. అందుకే ముందు చిన్న పరీక్ష పెట్టాలి. సర్వేలోని ఒక బార్ చార్టును నలుగురికీ చూపించి, దీని గురించి ఏమీ తెలియని పక్క క్లాసు పిల్లవాడికి ఒక్క నిమిషంలో చెప్పమనాలి. మాటకారి "నలభై రెండు, పద్దెనిమిది" అని గడగడా చదివేస్తాడు. లెక్క వేసిన అమ్మాయి "పదిళ్లు తీసుకుంటే ఏడిళ్లవాళ్లు నీళ్లు కొనుక్కుంటున్నారు, కుళాయి నీళ్లు ఉప్పగా ఉంటాయట" అంటుంది. అంకె వెనక ఇల్లు కనిపించింది ఆమెకే కాబట్టి లెక్క చెప్పే పని ఆమెదే. ఇంగ్లీషు రాదని ఆ పని తప్పించడం, నా దృష్టిలో, జట్టు తన కాలు తాను నరుక్కోవడమే. లెక్చరర్‌ను ముందే అడిగి ఆ భాగం తెలుగులో చెప్పించవచ్చు. స్లైడు మీద అంకెలు ఎలాగూ అందరికీ కనిపిస్తాయి.

మాటకారికి మొదలుపెట్టే పని సరిపోతుంది. కాగితం చూడకుండా మొదటి రెండు వాక్యాలు చెప్పి, ఏ ఊరు, ఏ సమస్య అన్నది నిమిషంన్నరలో తేల్చేస్తే చాలు. వినే అమ్మాయికి ముగింపు ఇవ్వాలి. ముందు ముగ్గురూ ఏం చెప్పారో రెండు వాక్యాల్లో పట్టుకోవడం, వచ్చిన ప్రశ్నను సరైన మనిషికి అందించడం ఆమె పని. ముగించేవారికి మంచి గొంతు కంటే మంచి చెవులు కావాలి.

ఎక్కువ జట్లు పొరబడేది టైమ్ దగ్గర. నోరు లేనివాడికి వాచీ ఇచ్చి కూర్చోబెడతారు. అలాంటివాడు స్నేహితుణ్ని ఆపలేడు, ఆపకపోతే వాచీ ఎందుకు? మొహమాటం లేని ఆ నాలుగో అబ్బాయికే ఇవ్వాలి. అయితే మార్కులు ఎవరివి వాళ్లకే వేస్తారు కాబట్టి అతన్నీ మాట్లాడించాలి. సర్వే ఎలా చేశారో ఒక నిమిషంలో చెప్పి, మాట్లాడేవాళ్లకు ఎదురుగా కనిపించేలా ముందు వరుసలో కూర్చుంటాడు. ఒక్కొక్కరికీ అర నిమిషం మిగిలిందనగా పచ్చ కార్డు, అయిపోయాక ఎర్ర కార్డు. ప్రారంభానికి నిమిషంన్నర, సర్వే పద్ధతికి ఒకటి, లెక్కకు నాలుగున్నర, ముగింపుకు నిమిషంన్నర. మొత్తం ఎనిమిదిన్నర. మిగిలింది ప్రొజెక్టరు మొరాయించడానికీ, మైకు చేతులు మారడానికీ.

రిహార్సల్లో లెక్క చెప్పే భాగం ఏడు నిమిషాలకు పాకుతుంది. ఇళ్లన్నీ తిరిగిన మనిషికి ప్రతి ఇంటి కథా చెప్పాలనే ఉంటుంది మరి. తొందరగా మాట్లాడమంటే పని జరగదు, ఇంకా తడబడుతుంది. మూడు అంకెలే ఉంచి, ఎర్ర కార్డు చూడగానే ఏ స్లైడు వదిలేయాలో ముందే గుర్తు పెట్టుకోవాలి. అప్పుడు కార్డు పడినా కంగారుండదు.

ప్రశ్నల దగ్గర మరో చిక్కు. క్యాన్లకు నెలకు ఎంతవుతోందని లెక్చరర్ మాటకారి వైపు చూసి అడుగుతారు. అతను "సుమారుగా..." అని మొదలుపెట్టాడంటే ఊహించి చెబుతున్నాడని అర్థం. అంకె అడిగితే లెక్క వేసిన అమ్మాయే చెప్పాలని జట్టు ముందే ఒప్పుకోవాలి. ఆ లెక్క సర్వేలో అడగనే లేదంటే, అడగలేదని ముగించే అమ్మాయి నేరుగా చెప్పేయాలి.

ఆ రోజు లెక్క చెప్పే అమ్మాయికి జ్వరం వస్తే? అందుకే ఆ మూడు అంకెలూ, అవి ఎక్కడి నుంచి వచ్చాయో నలుగురికీ తెలిసుండాలి. ఆమె బదులు ముగించే అమ్మాయి నిలబడుతుంది, ముగింపు మాటకారికి వెళుతుంది. ఈ మార్పుతో కూడా ఒకసారి రిహార్సల్ చేసి చూసుకోవాలి.